ఎంజైము పనిచేస్తోందా? జెల్‌నే అడగాలి

1954లో కెనడాలోని టొరంటోలో ఆలివర్ స్మిథీస్ అనే యువ శాస్త్రవేత్త ఇన్సులిన్ మీద పనిచేస్తున్నారు. ప్రొటీన్లను విద్యుత్తుతో విడదీయడానికి అప్పట్లో తడిపిన ఫిల్టర్ కాగితం వాడేవారు. ఇన్సులిన్ మాత్రం ఆ కాగితానికి అంటుకుపోయి, ముందుకు కదలకుండా బారుగా పులుముకుపోయేది. వేరే ప్రయోగశాలలో కొందరు కాగితానికి బదులు తడి పిండిరేణువులు పరిచి వాడుతున్నారని ఆయనకు తెలిసింది. అందులో అంటుకునే బాధ లేదు. కానీ విడిపోయిన ప్రొటీను ఎక్కడుందో తెలియాలంటే ఆ పిండిదిమ్మను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ విడిగా పరీక్షించాలి. అంత చాకిరీకి ఆయన దగ్గర సహాయకులు ఎవరూ లేరు.

అప్పుడు ఆయనకు చిన్నప్పుడు ఇంట్లో చూసిన దృశ్యం గుర్తొచ్చింది. తల్లి తండ్రిగారి చొక్కాలకు గంజి పెట్టేది. మిగిలిన గంజి చల్లారాక జిగురుముద్దలా గట్టిపడేది. పిండిని రేణువులుగా పరిచే బదులు ఉడికించి, అచ్చులో పోసి గట్టిపడనిస్తే? అప్పుడు ముక్కలు కోయనక్కర్లేదు. ప్రొటీన్లు విడిపోయాక దిమ్మ మొత్తానికి ఒకేసారి రంగు వేయొచ్చు. బంగాళాదుంప పిండితో చేసిన ఈ స్టార్చ్ జెల్ గురించి స్మిథీస్ 1955లో ప్రచురించారు. ఆయనకు 2007లో నోబెల్ వచ్చింది గానీ అది జన్యువుల మీద చేసిన వేరే పనికి. గంజి జెల్‌కు నోబెల్ రాలేదు. జీవరసాయన ప్రయోగశాలల్లో రోజువారీ పని తీరు మారడానికి మాత్రం అదే దారి తీసింది.

స్మిథీస్ వేసిన రంగు ప్రొటీన్లన్నిటికీ పట్టేది. రెండేళ్లకు, 1957లో, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హంటర్, క్లెమెంట్ మార్కర్ట్ అదే జెల్‌ను ఇంకో ప్రశ్న అడిగారు. ఎలుక కణజాలాల రసాన్ని జెల్‌లో నడిపించి, ఆ తర్వాత జెల్‌ను మామూలు రంగులో కాకుండా ఎస్టరేజ్ అనే ఎంజైము విరగ్గొట్టే పదార్థంలో ముంచారు. ఎంజైము దాన్ని విరగ్గొట్టగానే బయటపడే ముక్క, పక్కనే ఉన్న ఇంకో రసాయనంతో కలిసి రంగుగా మారుతుంది. ఎంజైము ఎక్కడుంటే అక్కడే చార పడుతుంది. మిగతా ప్రొటీన్లు వందలకొద్దీ ఉన్నా కంటికి కనబడవు. ఇలా చారలు తేలిన జెల్‌కు వాళ్లు జైమోగ్రామ్ అని పేరు పెట్టారు. ఒకే రకం పనిచేసే ఎంజైముకు ఒక చార కాకుండా చాలా చారలు రావడం వాళ్లను ఆశ్చర్యపరిచింది. అసలు కథ అక్కడే మొదలైంది.

చారల సంగతికి వెళ్లేముందు నేటివ్ జెల్ అంటే ఏమిటో చూడాలి. ఇప్పుడు గంజి స్థానంలో చాలావరకు పాలీఅక్రిలమైడ్ అనే పారదర్శకమైన జెల్ వాడుతున్నారు. రెండు గాజుపలకల మధ్య పోసిన ఈ పలుచటి జెల్ పైభాగంలో చిన్న గుంటలుంటాయి. ప్రొటీను కలిసిన రసాన్ని గుంటల్లో వేసి విద్యుత్తు పెడితే, రుణావేశం ఉన్న ప్రొటీన్లు ధనధ్రువం వైపు ప్రయాణిస్తాయి. ఆవేశం ఎక్కువైతే వేగం ఎక్కువ. ఒళ్లు పెద్దదైతే జెల్‌లోని సన్నటి రంధ్రాల్లో ఇరుక్కుంటూ నెమ్మదిగా వెళ్తుంది.

ప్రయోగశాలల్లో ఎక్కువగా చేసే ప్రొటీను పరీక్ష మాత్రం ఇంకోరకం. అందులో రసాన్ని ఎస్‌డీఎస్ అనే సబ్బులాంటి పదార్థంతో, మెర్‌కాప్టోఇథనాల్‌తో కలిపి మరిగిస్తారు. ప్రొటీను మడతలన్నీ విడిపోయి పొడుగాటి గొలుసు అవుతుంది. అన్ని గొలుసులకూ పొడవుకు తగ్గ ఆవేశం వస్తుంది కాబట్టి పరిమాణం ప్రకారం వరుసగా విడిపోతాయి. బరువు కొలవడానికి ఇంతకంటే తేలికైన పద్ధతి లేదు. కుట్టిన చొక్కాను దారాలుగా విప్పేస్తే బరువు తేడా రాదు గానీ తొడుక్కోవడానికి పనికిరాదు. ఎంజైము పరిస్థితీ అంతే. దాని పని దాని మడతలోనే ఉంది. నేటివ్ జెల్‌లో ఎస్‌డీఎస్ ఉండదు, మెర్‌కాప్టోఇథనాల్ ఉండదు, మరిగించడం అసలే ఉండదు. ప్రొటీను తన సహజ రూపంలోనే, జతకట్టిన భాగాలతో సహా నడుస్తుంది.

దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది. ఆవేశం, పరిమాణం, ఆకారం మూడూ కలిసి వేగాన్ని నిర్ణయిస్తాయి కాబట్టి, చార ఎంత దూరం వెళ్లిందో చూసి బరువు చెప్పలేం. మామూలుగా వాడే క్షారగుణం గల బఫర్‌లో కూడా ధనావేశం పోని ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. అవి జెల్‌లోకి రాకుండా వెనక్కి, పైనున్న బఫర్ తొట్టిలోకి వెళ్లిపోతాయి. చార రాలేదని ఎంజైము లేదనుకుంటే తప్పు. అలాంటివాటికి ఆమ్లగుణం గల బఫర్ వాడి, ధ్రువాలు తారుమారు చేసి నడపాలి.

ఈ పద్ధతి ఏమేం చెప్పగలదో చూడటానికి లాక్టేట్ డీహైడ్రోజినేజ్‌ను మించిన ఉదాహరణ దొరకదు. ప్రయోగశాలల్లో దీన్ని ఎల్‌డీహెచ్ అంటారు. రక్తపరీక్ష కాగితాల్లో ఈ మూడక్షరాలు చాలామంది చూసే ఉంటారు. లాక్టేట్‌ను పైరువేట్‌గా, పైరువేట్‌ను లాక్టేట్‌గా మార్చే ఎంజైము ఇది. పరుగెత్తే కాలి కండరానికీ కావాలి, ఆగకుండా కొట్టుకునే గుండెకూ కావాలి.

ఎలుక గుండె ముక్కనూ కాలి కండరం ముక్కనూ విడివిడిగా, మంచుమీద ఉంచిన చల్లటి బఫర్‌లో మెత్తగా నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే చెత్త అడుగుకు చేరుతుంది. పైన తేరిన రసంలో ఎల్‌డీహెచ్ ఉంటుంది. రసం గుంటలో కిందికి దిగడానికి కాస్త గ్లిసరాల్, ప్రయాణం ఎంతవరకు వచ్చిందో తెలియడానికి బ్రోమోఫీనాల్ బ్లూ అనే నీలిరంగు కలుపుతారు. ఒక గుంటలో గుండె రసం, పక్క గుంటలో కండర రసం వేసి, చల్లటి గదిలో, విద్యుత్తు మరీ పెంచకుండా నడుపుతారు. విద్యుత్తు పెంచితే తొందరగా అయిపోతుంది గానీ జెల్ వేడెక్కుతుంది. వేడికి ఎంజైము చచ్చిపోతే ఆ తర్వాత ఎంత రంగు వేసినా ఏమీ రాదు.

ఇక అసలు ఘట్టం రంగు వేయడం. జెల్‌ను గాజుపలకల నుంచి విడదీసి ఒక ద్రావణంలో ముంచుతారు. అందులో నాలుగు ముఖ్యమైన వస్తువులుంటాయి. మొదటిది ఎంజైముకు ఆహారమైన లాక్టేట్. రెండోది, ఎంజైము లాక్టేట్ నుంచి తీసిన హైడ్రోజన్‌ను అందుకునే ఎన్‌ఏడీ. మూడోది ఫెనజీన్ మెథోసల్ఫేట్, ఎన్‌ఏడీ నుంచి ఎలక్ట్రాన్లను తీసుకుని ముందుకు అందించే మధ్యవర్తి. చివరిది నైట్రోబ్లూ టెట్రజోలియం, అంటే ఎన్‌బీటీ. ఇది లేతపసుపు రంగులో నీళ్లలో కరిగి ఉంటుంది. ఎలక్ట్రాన్లు అందగానే ఫార్మజాన్ అనే ముదురు ఊదారంగు పదార్థంగా మారుతుంది. ఫార్మజాన్ నీళ్లలో కరగదు. ఈ పద్ధతంతా ఆ ఒక్క గుణం మీదే నిలబడింది. కరిగే రంగైతే పుట్టినచోట ఉండకుండా జెల్ అంతా పాకిపోయి మరకైపోయేది. కరగదు కాబట్టి ఎంజైము ఉన్నచోటనే పేరుకుంటుంది.

జెల్‌ను 37 డిగ్రీల వెచ్చదనంలో, చీకట్లో ఉంచితే కొద్ది నిమిషాల్లోనే చారలు తేలడం మొదలవుతుంది. చూస్తుండగానే ముదురుతాయి. తగినంత రాగానే జెల్‌ను ఎసిటిక్ ఆమ్లంలో వేసి చర్య ఆపేయాలి. ఇక్కడ ఆశపడకూడదు. ఇంకాసేపు ఉంచితే బలమైన చార ఇక ముదరడానికి వీల్లేని స్థితికి చేరుతుంది, బలహీనమైన చార మాత్రం పెరుగుతూనే ఉంటుంది. చివరికి రెండూ సమానంగా కనబడతాయి. అలాంటి జెల్ ఫోటో చూడ్డానికి బాగుంటుంది గానీ, ఏ ఎంజైము ఎంత ఉందో దాన్నిబట్టి చెప్పకూడదు.

సరిగ్గా ఆపిన జెల్‌లో గుండె వరుసలో ధనధ్రువానికి దగ్గరగా చారలు ముదురుగా ఉంటాయి. కాలి కండరం వరుసలో అన్నిటికంటే వెనకున్న చార ముదురుగా ఉంటుంది. కణజాలాలన్నీ కలిపి చూస్తే మొత్తం ఐదు చారలు. ముందున్నది ఎల్‌డీహెచ్-1, చివరిది ఎల్‌డీహెచ్-5. ఐదూ చేసే పని ఒకటే, ఐదింటి పరిమాణమూ దాదాపు ఒకటే. మార్కర్ట్ 1959లో ఫ్రెడ్డీ మోలర్‌తో కలిసి ఇలాంటివాటికి ఐసోజైములు అని పేరు పెట్టారు. పేరు పెట్టారు సరే, ఐదే ఎందుకు?

జవాబు ఎంజైము నిర్మాణంలో ఉంది. ఎల్‌డీహెచ్ ఒక్కోటి నాలుగు ముక్కలు కలిసి తయారవుతుంది. ఆ ముక్కల్లో రెండు రకాలున్నాయి. గుండెలో ఎక్కువగా తయారయ్యే రకాన్ని హెచ్ అనీ, కండరంలో ఎక్కువగా తయారయ్యేదాన్ని ఎమ్ అనీ పిలుస్తారు. హెచ్ ముక్కకు రుణావేశం ఎక్కువ. నాలుగూ హెచ్ అయితే ఎల్‌డీహెచ్-1, అందుకే అది ముందుకు ఉరుకుతుంది. నాలుగూ ఎమ్ అయితే ఎల్‌డీహెచ్-5. మధ్యలో మూడు హెచ్ ఒక ఎమ్, రెండు రెండు, ఒక హెచ్ మూడు ఎమ్. లెక్క ఐదుకు సరిపోయింది.

దీన్ని మార్కర్ట్ 1963లో చాలా సులువుగా రుజువు చేశారు. శుద్ధిచేసిన ఎల్‌డీహెచ్-1, ఎల్‌డీహెచ్-5లను సమానంగా కలిపి, ఉప్పు ఎక్కువగా ఉన్న ద్రావణంలో గడ్డకట్టించి, మళ్లీ కరిగించారు. గడ్డకట్టినప్పుడు ముక్కలు విడిపోయాయి, కరిగినప్పుడు ఎవరికి ఎవరు దొరికితే వారితో మళ్లీ నాలుగేసిగా కలిశాయి. జెల్‌లో నడిపితే, వేసింది రెండు రకాలే అయినా ఐదు చారలు వచ్చాయి. వాటి మోతాదు 1:4:6:4:1 నిష్పత్తికి దగ్గరగా ఉంది. నాలుగు స్థానాల్లో హెచ్ లేదా ఎమ్‌ను ఇష్టం వచ్చినట్టు నింపితే పదహారు రకాలుగా నింపవచ్చు. నాలుగూ హెచ్ అయ్యే దారి ఒకటే, మూడు హెచ్ ఒక ఎమ్ అయ్యే దారులు నాలుగు, సగం సగం అయ్యేవి ఆరు. ఇంటర్మీడియట్ లెక్కల పుస్తకంలోని ద్విపద విస్తరణ ఊదారంగు చారలుగా జెల్ మీద కనబడిందన్నమాట. మరిగించి నడిపే జెల్‌లో ఇది ఎప్పటికీ కనబడేది కాదు. హెచ్, ఎమ్ ముక్కలు విడిపోయి, ఏది ఎవరితో జతకట్టిందన్న సమాచారమే మాయమైపోయేది.

ఈ చారలు చాలాకాలం ఆస్పత్రుల్లోనూ పనికొచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి సీరంలో ఎల్‌డీహెచ్-2 చార ఎల్‌డీహెచ్-1 కంటే ముదురుగా ఉంటుంది. గుండెపోటు వచ్చి గుండె కండరం దెబ్బతింటే ఎల్‌డీహెచ్-1 రక్తంలోకి కారి, వరుస తలకిందులవుతుంది. ఇప్పుడు ఆ పని ట్రోపోనిన్ పరీక్ష చేస్తోంది, అది మేలైనదే. పాత పరీక్షకు పెద్ద లోపం ఉండేది. ఎర్రరక్తకణాల్లోనూ ఎల్‌డీహెచ్-1, 2 పుష్కలంగా ఉంటాయి. రక్తం తీసేటప్పుడు కణాలు చితికితే, గుండె బాగానే ఉన్న మనిషికీ గుండెపోటు వచ్చినట్టు చారలు పడేవి. ఇంకో చిక్కు, సీరాన్ని భద్రంగా ఉంచాలని ఫ్రిజ్‌లో పెడితే చలికి ఎల్‌డీహెచ్-5 తన శక్తి కోల్పోతుంది. ఎంజైము పనిలో అంతా చల్లగా ఉంచాలన్న నియమం కూడా అన్ని ఎంజైములకూ వర్తించదు.

ప్రయోగశాలలో ఇంతకంటే తరచుగా మోసం చేసేది మరొకటుంది. కొన్నిసార్లు లాక్టేట్ వేయకుండానే ఎల్‌డీహెచ్ ఉన్నచోట చార వస్తుంది. నవ్వొచ్చే పేరే అయినా దీన్ని పరిశోధకులు ‘నథింగ్ డీహైడ్రోజినేజ్’ అంటారు, అంటే ఏమీ ఇవ్వకపోయినా పనిచేసే డీహైడ్రోజినేజ్. కణజాలంలోంచే ఎంజైముకు అంటుకుని వచ్చిన లాక్టేట్ కావచ్చు, వాడిన రసాయనాల్లో కలిసిపోయిన ఆల్కహాల్‌ను ఇంకో ఎంజైము తింటూ ఉండవచ్చు. కనిపెట్టే దారి ఒక్కటే. జెల్‌ను రెండు సగాలుగా కోసి, ఒక సగాన్ని మొత్తం ద్రావణంలో, రెండో సగాన్ని లాక్టేట్ లేని ద్రావణంలో ముంచాలి. రెండో సగంలోనూ వచ్చిన చారను లెక్కలోంచి తీసేయాలి. జెల్ గట్టిపడటానికి వాడే అమోనియం పెర్‌సల్ఫేట్ కూడా మిగిలిపోయి కొన్ని ఎంజైములను పాడుచేస్తుంది. అందుకే జాగ్రత్తపరులు రసం వేయకముందే ఖాళీ జెల్‌ను కాసేపు నడిపి దాన్ని బయటికి తోసేస్తారు.

జెల్‌ను చీకట్లో ఉంచాలన్నది కూడా ఊరికే పెట్టిన నియమం కాదు. వెలుతురు తగిలితే ఫెనజీన్ మెథోసల్ఫేట్, ఎన్‌బీటీ కలిసి ఎంజైముతో పనిలేకుండా జెల్ అంతటా ఊదారంగు పులిమేస్తాయి. మామూలు పరిశోధకులకు అది పాడైపోయిన జెల్. కానీ అలా ఊదాగా మారిన జెల్‌లలో కొన్నిచోట్ల మాత్రం రంగు పట్టని తెల్లటి గీతలు కనబడేవి. 1967లో జార్జ్ బ్రూవర్ వీటిని వదిలేయకుండా పట్టించుకున్నారు. ఒక కుటుంబంలో ఆ తెల్ల గీత వేరేచోట పడుతోందనీ, ఆ తేడా వంశపారంపర్యంగా వస్తోందనీ చూపించారు. అంటే అది జెల్ లోపం కాదు, అక్కడ ఏదో ప్రొటీను కూర్చుని రంగును అడ్డుకుంటోంది. ఏమిటా ప్రొటీను?

రెండేళ్లు తిరక్కుండానే, 1969లో, డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ వేరే దారిలో వెళ్లి సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌ను కనుగొన్నారు. ఆక్సిజన్‌కు ఒక ఎలక్ట్రాన్ అదనంగా చేరితే వచ్చే సూపరాక్సైడ్ అనే చురుకైన రూపాన్ని కణాల్లో ఎప్పటికప్పుడు తుడిచేసే ఎంజైము అది. వెలుతురులో జెల్‌కు రంగు తెచ్చేదీ సూపరాక్సైడే. ఈ ఎంజైము ఉన్నచోట రంగు పుట్టకముందే సూపరాక్సైడ్ మాయమవుతోంది, అందుకే తెల్ల గీత. 1971లో చార్లెస్ బోచాంప్, ఫ్రిడోవిచ్ దీన్నే పరీక్షగా మార్చారు. జెల్‌ను ముందు ఎన్‌బీటీలో, తర్వాత రైబోఫ్లావిన్ కలిసిన ద్రావణంలో నానబెట్టి, దీపం కింద పెట్టడమే. విటమిన్ బీ-2 అని మనం మింగే ఆ రైబోఫ్లావిన్ వెలుతురు తగలగానే సూపరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. జెల్ అంతా నీలం, ఎంజైము ఉన్నచోట ఖాళీ. ఆ ఎంజైములో రాగి ఉందా, మాంగనీస్ ఉందా అన్నది కూడా జెల్‌తోనే తేల్చవచ్చు. రంగు వేసేముందు కొంచెం సైనైడ్ కలిపితే రాగి ఉన్నదాని గీత మాయమవుతుంది, మాంగనీస్ ఉన్నదాని గీత అలాగే నిలబడుతుంది. మొక్కలు కరువును ఎలా తట్టుకుంటాయో చూసే పరిశోధకులు నేటికీ ఈ జెల్‌నే వాడుతున్నారు.

ఖాళీని చూసి ఎంజైమును గుర్తించడం అనే ఈ పద్ధతి ఇంకో దారిలో బాగా వ్యాపించింది. ఇప్పుడు ప్రయోగశాలలో జైమోగ్రఫీ అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఆ రూపమే. ప్రొటీన్లను కొరికే ఎంజైములను, అంటే ప్రొటియేజులను పట్టుకోవడానికి జెల్ పోసేటప్పుడే అందులో వాటికి ఆహారమైన జెలటిన్‌ను కలిపేస్తారు. జెల్లీ స్వీట్లలో వాడే జెలటినే, మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున. ఎంజైము తన చోటుకు చేరాక చుట్టూ ఉన్న జెలటిన్‌ను తినేస్తుంది. తర్వాత జెల్ మొత్తానికి కూమాసీ నీలం వేస్తే జెలటిన్ మిగిలినచోట నీలం, తిన్నచోట తెల్లటి కిటికీ.

ఇక్కడొక చిక్కుంది. నేటివ్ జెల్‌లో ఇలా చేస్తే ఎంజైము దారిపొడుగునా జెలటిన్‌కు అతుక్కుంటూ, దాన్ని కొరుక్కుంటూ వెళ్తుంది. చార బదులు తోకలా బారుగా పడుతుంది. 1980లో హ్యూసెన్, డౌడిల్ అనే ఇద్దరు దీనికి విరుగుడు చూపారు. మనం ఇంతదాకా దూరం పెట్టిన ఎస్‌డీఎస్‌నే మళ్లీ తెచ్చారు. ఎస్‌డీఎస్ ఉన్నంతసేపు ఎంజైము మడత విప్పుకుని నిద్రపోతుంది. ప్రయాణం పూర్తయ్యాక ట్రైటాన్ అనే మెత్తటి డిటర్జెంటుతో జెల్‌ను కడిగితే ఎస్‌డీఎస్ బయటికి పోతుంది, ఎంజైము తనంతట తాను మళ్లీ ముడుచుకుని పనిలోకి దిగుతుంది. పైగా పరిమాణం ప్రకారం విడిపోయింది కాబట్టి చార ఎక్కడ పడిందో చూసి ఎంజైము ఎవరో ఊహించవచ్చు. రెండు పనులు మాత్రం ఇక్కడ నిషేధం. మరిగించకూడదు, మెర్‌కాప్టోఇథనాల్ వేయకూడదు. ఎంజైములోని గంధక బంధాలు తెగిపోతే మళ్లీ సరిగ్గా ముడుచుకోలేదు. ఎల్‌డీహెచ్ లాంటి నాలుగు ముక్కల ఎంజైముకు ఈ దారి పనికిరాదు, విడిపోయిన ముక్కలు జెల్‌లో మళ్లీ కలుసుకోలేవు.

హెచ్‌టీ-1080 అనే మానవ క్యాన్సర్ కణాలతో దీన్ని చూస్తే అర్థమవుతుంది. ఈ కణాలు ఎమ్మెమ్‌పీ-2, ఎమ్మెమ్‌పీ-9 అనే రెండు ప్రొటియేజులను బయటికి వదులుతాయి. క్యాన్సర్ కణం చుట్టూ ఉన్న కణజాలపు గోడను తొలుచుకుని వెళ్లడంలో వీటి పాత్ర ఉంటుంది. అందుకే పరిశోధకులకు వీటిమీద అంత ఆసక్తి. కణాలు పెంచే ద్రవంలో మామూలుగా దూడ సీరం కలుపుతారు. దాంట్లో దూడవి సొంత ఎమ్మెమ్‌పీలు ఉంటాయి. అందుకని ముందు కణాలను కడిగి, సీరం లేని ద్రవంలో ఒకరోజు ఉంచి, ఆ ద్రవాన్నే జెల్‌లోకి వేస్తారు. నడిపాక ట్రైటాన్‌లో అరగంట చొప్పున రెండుసార్లు కడిగి, కాల్షియం, కాస్త జింక్ ఉన్న బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేస్తారు. ఈ ఎంజైముల పని జరిగే చోట జింక్ ఉంటుంది, మడత నిలబడటానికి కాల్షియం కావాలి. పొద్దున నీలం వేసి, అదనపు రంగు కడిగేస్తే రెండు తెల్ల చారలు తేలతాయి. ఒకటి 92 కిలోడాల్టన్ల దగ్గర, అది ఎమ్మెమ్‌పీ-9. రెండోది 72 దగ్గర, ఎమ్మెమ్‌పీ-2. ఒక్కోసారి వాటికింద కొంచెం తక్కువ బరువులో సన్నటి చారలు కూడా కనబడతాయి.

ఇది చాలా సున్నితమైన పరీక్ష. గ్రాములో లక్షకోట్లవ వంతు తూకం, అంటే పికోగ్రాముల్లో ఉన్న ఎంజైమును కూడా పట్టగలదు. రాత్రంతా కొరుకుతూనే ఉంటుంది కాబట్టి కొద్ది అణువులే పెద్ద కిటికీ తెరుస్తాయి. రక్తం విషయంలో ఈ సున్నితత్వమే ఇబ్బంది. రక్తం గడ్డకట్టేటప్పుడు కణాల్లో దాచి ఉన్న ఎమ్మెమ్‌పీ-9 బయటికి వస్తుంది. గడ్డకట్టాక తీసిన సీరంలో అది ఎక్కువగా కనబడుతుంది, గడ్డకట్టకుండా తీసిన ప్లాస్మాలో తక్కువగా ఉంటుంది. ఒకరి సీరాన్ని ఇంకొకరి ప్లాస్మాతో పోల్చి రోగం గురించి తీర్పు చెబితే అది రోగం గురించి చెప్పినట్టు కాదు, రక్తం తీసిన గొట్టం గురించి చెప్పినట్టు.

అన్నిటికంటే పెద్ద మెలిక ఆ 92, 72 చారల్లోనే ఉంది. కణం ఈ ఎంజైములను నోటికి తాళం వేసి బయటికి పంపుతుంది. ముందుభాగంలో ఒక అదనపు తోక ఉంటుంది. ఆ తోకలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లం జింక్‌ను పట్టుకుని పని జరగనివ్వదు. శరీరంలో ఆ తోక తెగితేనే ఎంజైము పనిచేస్తుంది. 92, 72 అన్నవి తోక తెగని రూపాల బరువులు. మరి అవి జెలటిన్‌ను ఎలా తిన్నాయి? ఎస్‌డీఎస్ మడత విప్పినప్పుడు సిస్టీన్ పట్టు జారిపోయింది. మళ్లీ ముడుచుకున్నాక ఆ పట్టు తిరిగి బిగియలేదు. శరీరంలో పనిచేయని ఎంజైము జెల్‌లో పనిచేసింది. శరీరంలో ఎమ్మెమ్‌పీని అతుక్కుని అదుపు చేసే టింప్ అనే నిరోధక ప్రొటీన్లు కూడా ఎస్‌డీఎస్ దెబ్బకు విడిపోయి వేరేచోటికి వెళ్లిపోతాయి. కాబట్టి ఈ జెల్‌లో మెరిసే చార ఆ ఎంజైముకు కొరికే సత్తా ఉందని చెబుతుంది, కణజాలంలో కొరుకుతోందని చెప్పదు. పరిశోధన పత్రాల్లో ఈ తేడాను మరిచిపోయి, 92 దగ్గరి చార చూపించి ఎమ్మెమ్‌పీ-9 చురుకుదనం పెరిగిందని రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. చురుకైన రూపం చార దానికి కొంచెం కిందుగా, 82 ప్రాంతంలో పడుతుంది. చూడాల్సింది ఆ చారను.

తెల్లగా కనబడిన ప్రతి చారా ఎమ్మెమ్‌పీ కాదన్నది ఇంకో జాగ్రత్త. ఇతర ప్రొటియేజులూ జెలటిన్‌ను తినగలవు. అందుకే రెండో జెల్‌ను అచ్చం అలాగే నడిపి, రాత్రి ఉంచే బఫర్‌లో కాల్షియం, జింక్‌లకు బదులు వాటిని లాక్కునే ఈడీటీఏ వేస్తారు. లోహం మీద ఆధారపడే ఎమ్మెమ్‌పీ చార అక్కడ మాయమవ్వాలి. మాయం కాకపోతే అది వేరే ఎంజైము.

కణజాలంలో అసలు ఏం జరుగుతోందో చూడాలంటే జెల్‌ను వదలాల్సి వస్తుంది. గడ్డకట్టించిన కణజాలాన్ని పలుచటి పొరగా కోసి, కొరికినప్పుడు మెరిసేలా తయారుచేసిన జెలటిన్‌ను దానిమీద పరిచి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఎస్‌డీఎస్ ఉండదు కాబట్టి తోకలు తోకల్లాగే, టింప్‌లు టింప్‌ల్లాగే ఉంటాయి. నిజంగా కొరుకుతున్నచోటే వెలుగు వస్తుంది. కాకపోతే ఆ వెలుగు తెప్పించింది ఎమ్మెమ్‌పీ-2నా, 9నా, ఇంకొకటా అన్నది ఇక్కడ తేలదు, ఎందుకంటే ఏదీ విడదీయలేదు. అందువల్ల ఒకే కణజాలంలో ఒక ముక్కను జెల్‌కూ, ఇంకో ముక్కను మైక్రోస్కోపుకూ పంపి, రెండూ కలిపి చదివిన ఫలితాలనే ఈ రంగంలో గట్టివిగా లెక్కిస్తారు.